అరువు అమ్మకం ఇన్వాయిస్‌కు చిట్టా పద్దులు: అమ్మకం ధరకు ఒకటి, సరుకు ఖరీదుకు ఒకటి

నలభై సీలింగ్ ఫ్యాన్లు విజయవాడ గోదాము నుంచి ట్రాలీ ఎక్కి తెనాలి వెళ్లిపోయాయి. డబ్బు నెల తర్వాత వస్తుంది. దుకాణంలో ఇన్వాయిస్ తయారు చేసి, చిట్టాలో అమ్మకం పద్దు రాశారు. తెనాలి దుకాణం ఎంత బాకీ ఉందో, ప్రభుత్వానికి ఎంత పన్ను కట్టాలో ఆ పద్దు చెబుతుంది. గోదాములో ఖాళీ అయిన చోటు గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. పుస్తకం దృష్టిలో ఆ ఫ్యాన్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఆ లోటును తీర్చేదే రెండో పద్దు. చిన్న దుకాణాల లెక్కలు సరిచూసే పనిలో నాకు ఎక్కువగా కనబడిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. మొదటి పద్దును అందరూ శ్రద్ధగా రాస్తారు. రెండోది అసలు రాయరు, లేదా రాయకూడని చోట రాస్తారు. అందుకే ఒకే ఇన్వాయిస్‌ను తీసుకుని, సరుకు కొన్న రోజు నుంచి నెలాఖరున గోదాములో లెక్కపెట్టిన రోజు వరకు దాని వెంట నడుద్దాం. దుకాణం, అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. పద్దులు మాత్రం మీ పుస్తకంలో ఇలాగే ఉండాలి.

ముందుగా ఒక నిర్ణయం

సరుకు లెక్క రాయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొన్నప్పుడు కొనుగోళ్ల ఖాతాకు రాసి, ఏడాది చివర మిగిలిన సరుకును లెక్కపెట్టి, దాన్నిబట్టి ఎంత ఖరీదు సరుకు అమ్ముడైందో తేల్చడం. ఇంటర్మీడియట్ కామర్స్‌లో వర్తక ఖాతా పేరుతో మనం నేర్చుకున్నది ఇదే. రెండోది, కొన్న సరుకును నేరుగా సరుకు నిల్వ ఖాతాలో వేసి, ప్రతి అమ్మకం రోజునే దాని ఖరీదును ఆ ఖాతా నుంచి తీసేయడం. దీన్ని నిరంతర నిల్వ పద్ధతి అంటారు. ఇన్వాయిస్‌తో పాటు ఖరీదు పద్దు రాసేది ఈ రెండో దారిలోనే. మొదటి దారిలో నడిచేవారికి ఆ పద్దు అవసరం లేదు. ఒక అడుగు ఇందులో, ఒక అడుగు అందులో వేస్తే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

సరుకు కొన్న రోజు

అమ్మకం పద్దు సరిగ్గా రావాలంటే కొనుగోలు పద్దు సరిగ్గా ఉండాలి. ఎందుకంటే రేపు తీసేసే ఖరీదు ఈ రోజు వేసినదే.

జూన్ 2న దుకాణం 30 ఫ్యాన్లను ఒక్కొక్కటి 1,470 రూపాయల చొప్పున అరువుకు కొన్నది. సరుకు విలువ 44,100. సీలింగ్ ఫ్యాన్లపై జీఎస్టీ 18 శాతం. అమ్మినవారు కూడా ఆంధ్రప్రదేశ్‌లోనివారే కాబట్టి సీజీఎస్టీ 3,969, ఎస్‌జీఎస్టీ 3,969. బిల్లు మొత్తం 52,038.

- సరుకు నిల్వ ఖాతా డెబిట్ 44,100
- ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా డెబిట్ 3,969
- ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా డెబిట్ 3,969
- సరఫరాదారు ఖాతా క్రెడిట్ 52,038

సరుకును గోదాముకు చేర్చిన ట్రాలీకి 900 కిరాయి ఇచ్చారు. చాలామంది దీన్ని రవాణా ఖర్చుల్లో వేసి మర్చిపోతారు. కానీ సరుకును అమ్మకానికి సిద్ధంగా ఉండే చోటికి తీసుకురావడానికి అయిన ఖర్చు ఆ సరుకు ఖరీదులో భాగం. నిల్వల విలువ గురించి మన దేశంలో అనుసరించే ఏఎస్ 2 ప్రమాణం చెప్పేదీ ఇదే.

- సరుకు నిల్వ ఖాతా డెబిట్ 900
- నగదు ఖాతా క్రెడిట్ 900

దీంతో 30 ఫ్యాన్ల ఖరీదు సరిగ్గా 45,000 అయింది. ఒక్కో ఫ్యాను 1,500.

జూన్ 12న ధర పెరిగింది. మరో 20 ఫ్యాన్లను 1,600 చొప్పున కొన్నారు. ఈసారి సరుకును సరఫరాదారే గోదాముకు చేర్చాడు, వేరే కిరాయి లేదు. సరుకు నిల్వకు 32,000, రెండు ఇన్‌పుట్ పన్ను ఖాతాలకు 2,880 చొప్పున డెబిట్ చేసి, సరఫరాదారుకు 37,760 క్రెడిట్ చేశారు. ఇప్పుడు గోదాములో 50 ఫ్యాన్లు, సరుకు నిల్వ ఖాతాలో 77,000 ఉన్నాయి.

ఇక్కడ పన్ను గురించి ఒక మాట. జూన్ 2 బిల్లు మొత్తాన్ని 30తో భాగిస్తే ఫ్యానుకు 1,734 రూపాయల 60 పైసలు వస్తుంది. అదే ఖరీదు అనుకుని స్టాకు రిజిస్టరులో రాసినవారిని చూశాను. ఇన్‌పుట్ పన్ను మనకు తిరిగి వచ్చే సొమ్ము. రేపు కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకుంటాం. తిరిగి వచ్చేది ఖరీదు కాదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారికి మాత్రం ఇన్‌పుట్ పన్ను తిరిగి రాదు. కాబట్టి ఆయన పుస్తకంలో పన్ను కూడా సరుకు ఖరీదులోనే కలుస్తుంది.

ఇన్వాయిస్ రోజు: మొదటి పద్దు

జూన్ 18న తెనాలిలోని ఒక చిల్లర దుకాణానికి 40 ఫ్యాన్లు అరువుకు అమ్మారు. జాబితా ధర 2,500. వర్తకులకు ఇచ్చే 20 శాతం తగ్గింపు పోను ఫ్యానుకు 2,000. ఇన్వాయిస్‌లో అంకెలు ఇలా ఉన్నాయి.

- 40 ఫ్యాన్లు, 2,500 చొప్పున: 1,00,000
- వర్తక డిస్కౌంటు 20 శాతం: 20,000
- పన్ను విధించదగిన విలువ: 80,000
- సీజీఎస్టీ 9 శాతం: 7,200
- ఎస్‌జీఎస్టీ 9 శాతం: 7,200
- ఇన్వాయిస్ మొత్తం: 94,400

చిట్టాలో లక్ష అంకెకు చోటు లేదు. వర్తక డిస్కౌంటు ఇన్వాయిస్‌లోనే తీసివేసినది కాబట్టి దానికి ప్రత్యేక ఖాతా ఉండదు, పద్దూ ఉండదు. పన్ను కూడా తగ్గింపు తర్వాతి విలువ మీదే లెక్కిస్తాం. అమ్మకం 80,000 దగ్గరే మొదలవుతుంది.

- తెనాలి దుకాణం ఖాతా డెబిట్ 94,400
- అమ్మకాల ఖాతా క్రెడిట్ 80,000
- అవుట్‌పుట్ సీజీఎస్టీ ఖాతా క్రెడిట్ 7,200
- అవుట్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా క్రెడిట్ 7,200

పద్దు కింద వివరణలో ఇన్వాయిస్ నంబరు, తేదీ, సరుకు పేరు, సంఖ్య రాయండి. "అరువు అమ్మకం" అని రాసి వదిలేస్తే ఆరు నెలల తర్వాత ఆ పద్దు దేనికి సంబంధించిందో మీకే తెలియదు.

ఎందుకు ఇలా అనేది ఒక్కో గీతకూ చూసుకోండి. తెనాలి దుకాణం మనకు పన్నుతో కలిపి బాకీ ఉంది, అందుకే దాని ఖాతాకు మొత్తం 94,400. ఆ పన్ను మాత్రం మన ఆదాయం కాదు. ప్రభుత్వం తరఫున వసూలు చేసి మన దగ్గర ఉంచుకున్నది, కాబట్టి అప్పుగా కనబడాలి. మొత్తాన్ని అమ్మకాలకు క్రెడిట్ చేస్తే 14,400 రూపాయల లేని ఆదాయం పుడుతుంది. పైగా నెలవారీ జీఎస్టీఆర్-1లో చూపిన అమ్మకాలకు, పుస్తకంలోని అమ్మకాలకు పొంతన ఉండదు.

కొనుగోలుదారు హైదరాబాద్‌లో ఉంటే అది అంతర్రాష్ట్ర అమ్మకం. అప్పుడు రెండు పన్ను గీతల బదులు అవుట్‌పుట్ ఐజీఎస్టీ 14,400 అని ఒక్క గీతే వస్తుంది. మిగతాదేమీ మారదు.

అరువు అమ్మకంలో వ్యాపారిని బాధపెట్టే విషయం ఒకటుంది. తెనాలి నుంచి రూపాయి రాకముందే ఈ పన్ను కట్టాల్సిన బాధ్యత పుడుతుంది. ఇన్వాయిస్ ఇచ్చిన నెల రిటర్నులో అది చేరిపోతుంది. చేతికి డబ్బు వచ్చాకే పద్దు రాద్దామనుకుంటే రిటర్ను తప్పుతుంది.

అదే రోజు: రెండో పద్దు

మొదటి పద్దుకు కావలసిన అంకెలన్నీ ఇన్వాయిస్ మీద ఉన్నాయి. రెండో పద్దుకు కావలసిన అంకె దాని మీద ఎక్కడా లేదు. అందుకే అది తప్పిపోతుంది. దాని కోసం స్టాకు రిజిస్టరు తెరవాలి.

వెళ్లిన 40 ఫ్యాన్లు ఏవి? 1,500 ఖరీదువా, 1,600 ఖరీదువా? అట్టపెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి. గోదాములో కుర్రాడు చేతికి అందినవి ఎక్కించి ఉంటాడు. లెక్కకు మాత్రం ఒక నియమం కావాలి. ఏఎస్ 2 ప్రకారం ఇలాంటి సాధారణ సరుకుకు రెండు నియమాల్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు.

ఫైఫో పద్ధతిలో ముందు వచ్చిన సరుకే ముందు పోయిందని లెక్కిస్తాం. 30 ఫ్యాన్లు 1,500 చొప్పున 45,000, మిగతా 10 ఫ్యాన్లు 1,600 చొప్పున 16,000. వెళ్లిన సరుకు ఖరీదు 61,000. గోదాములో మిగిలిన 10 ఫ్యాన్లు 1,600 చొప్పున 16,000.

భారిత సగటు పద్ధతిలో 77,000ను 50తో భాగిస్తే ఫ్యానుకు 1,540. నలభైకి 61,600. మిగిలిన పదికి 15,400. ఇక్కడ 1,500, 1,600 కలిపి రెండుతో భాగించి 1,550 అనుకోవడం తరచూ జరిగే తప్పు. ఎన్ని ఫ్యాన్లు ఏ ధరకు వచ్చాయన్నది ఆ లెక్కలో పోతుంది.

చివర వచ్చిన సరుకు ముందు పోయిందనే లైఫో పద్ధతిని ఏఎస్ 2 అంగీకరించదు. మిగిలిన రెండింటిలో ఏది ఎంచుకున్నా ఆ సరుకుకు ఏడాది తర్వాత ఏడాది అదే పాటించాలి. లాభం ఎక్కువ కనబడాలని ఒక నెల ఇటు, ఒక నెల అటు మార్చుకోవడం కుదరదు. మన దుకాణం ఫైఫో ఎంచుకుందనుకుందాం.

- అమ్మిన సరుకు వ్యయం ఖాతా డెబిట్ 61,000
- సరుకు నిల్వ ఖాతా క్రెడిట్ 61,000

ఈ పద్దులో కొనుగోలుదారు పేరు లేదు, పన్ను లేదు, 2,000 రూపాయల అమ్మకం ధర అసలే లేదు. ఇది గోదాముకు, లాభనష్టాలకు మధ్య జరిగిన వ్యవహారం. నిన్నటివరకు ఆస్తిగా ఉన్న 61,000 ఈ రోజు ఖర్చయింది. వివరణలో మొదటి పద్దులో రాసిన ఇన్వాయిస్ నంబరునే రాయండి. తర్వాత వెతుక్కునేటప్పుడు ఈ రెండు పద్దులను కలిపే దారం అదొక్కటే.

తేదీ కూడా ఒకటే ఉండాలి. మార్చి 31న అమ్మకం రాసి, ఖరీదును ఏప్రిల్ 2న రాస్తే ఆ ఏడాది లాభం 19,000 బదులు 80,000గా కనబడుతుంది. వచ్చే ఏడాది అమ్మకం లేకుండానే 61,000 ఖర్చు పడుతుంది.

తెనాలికి సరుకు పంపడానికి మన జేబు నుంచి కిరాయి ఇస్తే అది ఈ 61,000లో కలవదు. సరుకు రావడానికి అయిన కిరాయి ఖరీదులో కలుస్తుంది, పోవడానికి అయినది అమ్మకపు ఖర్చుల్లోకి వెళుతుంది. కొనుగోలుదారు నుంచి ఆ కిరాయిని ఇన్వాయిస్‌లో వసూలు చేస్తే అదీ పన్ను విధించదగిన విలువలో చేరుతుంది.

ఆవర్జాలో సరిచూసుకోవడం

రెండు పద్దులూ ఆవర్జాకు ఎక్కాక సరుకు నిల్వ ఖాతా తెరవండి. డెబిట్ వైపు 44,100, 900, 32,000. క్రెడిట్ వైపు 61,000. మిగిలింది 16,000. ఇప్పుడు స్టాకు రిజిస్టరు చూడండి. 10 ఫ్యాన్లు, 1,600 చొప్పున 16,000. రెండూ కలిశాయి.

కలవకపోతే తేడా అంకెను బాగా చూడండి, తప్పు ఎక్కడుందో చాలాసార్లు అదే చెబుతుంది. తేడా 900 ఉంటే, కిరాయిని ఖాతాలో వేశారు, రిజిస్టరులో మాత్రం పాత 1,470 ధరే ఉండిపోయింది. తేడా 61,000 ఉంటే రెండో పద్దే లేదు. నిల్వ ఖాతా 3,000 క్రెడిట్ వైపు తేలితే, 77,000 నుంచి 80,000 పోయిందన్నమాట. అంటే ఎవరో ఖరీదుకు బదులు అమ్మకం ధరను తీసేశారు. సరుకు నిల్వ ఆస్తి ఖాతా. అది క్రెడిట్ నిల్వ చూపిందంటే ఏదో తప్పు జరిగి తీరింది.

రెండో పరీక్ష లాభం శాతం. 80,000 అమ్మకం మీద 19,000 స్థూల లాభం, అంటే 23.75 శాతం. ఆ దుకాణం యజమానికి తన సరుకు మీద ఎంత మిగులుతుందో నోటి లెక్కలోనే తెలుసు. ఒక ఇన్వాయిస్ మీద లాభం 8 శాతమనో, 60 శాతమనో వస్తే ముందు ఖరీదు పద్దునే అనుమానించండి.

మూడోది పాత పద్ధతి ఇచ్చే పరీక్ష. ప్రారంభ సరుకు సున్నా, కొన్నది 77,000, మిగిలింది 16,000. తీసివేస్తే 61,000. రెండు దారులూ ఒకే చోటికి రావాలి, వచ్చాయి.

కొనుగోలు బిల్లు ఆలస్యంగా ఎక్కితే ఈ పరీక్షలన్నీ తారుమారవుతాయి. జూన్ 12 సరుకు గోదాములోకి వచ్చింది, బిల్లు మాత్రం బల్ల మీదే ఉండిపోయింది అనుకోండి. జూన్ 18న రిజిస్టరులో 30 ఫ్యాన్లే ఉన్నాయి, 40 వెళ్లాయి. నిల్వ మైనస్ పది. ఆ పది ఫ్యాన్ల ఖరీదు ఎవరికీ తెలియదు. అందుకే అమ్మకం ఎక్కించే ముందు, వచ్చిన సరుకు బిల్లులన్నీ ఎక్కాయో లేదో చూసుకోవాలి.

రెండు పడవల మీద కాళ్లు

ఇప్పుడు ముందు చెప్పిన ప్రమాదం. ఒక దుకాణంలో కొనుగోళ్లను ఏళ్ల తరబడి కొనుగోళ్ల ఖాతాకే రాస్తున్నారు. కొత్తగా చేరిన గుమాస్తా ప్రతి ఇన్వాయిస్‌కూ ఖరీదు పద్దు రాయడం మొదలుపెట్టాడు. విడిగా చూస్తే ఎవరి పని వారికి సరైనదే. మన ఉదాహరణ అంకెలతో ఆ పుస్తకం ఎలా ఉంటుందో చూడండి. అమ్మకాలు 80,000. కొనుగోళ్లు, కిరాయి కలిపి 77,000. అమ్మిన సరుకు వ్యయం 61,000. వెరసి 58,000 నష్టం. సరుకు నిల్వ ఖాతా 61,000 క్రెడిట్ నిల్వ. ఏడాది చివర ముగింపు సరుకు 16,000 కలిపినా 42,000 నష్టమే. అసలు లాభం 19,000 అని మనకు తెలుసు. ఒకే సరుకు ఖరీదు రెండుసార్లు ఖర్చయింది, ఒకసారి కొన్నప్పుడు, మరోసారి అమ్మినప్పుడు.

అంకణా మాత్రం చక్కగా సరిపోతుంది. ప్రతి పద్దులోనూ డెబిట్, క్రెడిట్ సమానమే కదా. కాబట్టి అంకణా కలిసిందని ధీమా పడకండి. ఖాతాల జాబితాలో కొనుగోళ్ల ఖాతా, అమ్మిన సరుకు వ్యయం ఖాతా రెండింటిలోనూ అంకెలు కనబడితే అక్కడ ఆగి చూడండి.

టాలీ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. టాలీలో సరుకు పేరు, సంఖ్యతో సేల్స్ వోచర్ వేసినప్పుడు అది పార్టీ, అమ్మకం, పన్ను ఖాతాలకు రాస్తుంది, స్టాకులో సంఖ్యను తగ్గిస్తుంది. ఖరీదు పద్దు వేయదు. కంపెనీ ఫీచర్లలో `Integrate Accounts with Inventory` అన్నది `Yes` అని ఉంటే, మిగిలిన సరుకు విలువను ఆ సరుకుకు ఎంచుకున్న పద్ధతిలో తానే లెక్కగట్టి లాభనష్టాల్లో, ఆస్తి అప్పుల పట్టీలో ముగింపు సరుకుగా చూపిస్తుంది. అంటే అది మొదటి దారిలోనే నడుస్తూ, మిగిలిన సరుకు లెక్కను ఏ రోజుకు ఆ రోజు చేసి పెడుతుంది. దాని పైన మీరు చేత్తో అమ్మిన సరుకు వ్యయం పద్దు వేస్తే పైన చెప్పిన రెండింతల ఖర్చే మీ పుస్తకంలోకి వస్తుంది. ఇన్వాయిస్ సేవ్ చేయగానే ఖరీదు పద్దును తామే వేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వాటిలోనూ చేత్తో మళ్లీ వేయకూడదు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క అమ్మకం ఎక్కించి, దాని తర్వాత ఏయే ఖాతాలు కదిలాయో చూస్తే చాలు.

సరుకు వెనక్కి వస్తే

జూన్ 27న తెనాలి దుకాణం 4 ఫ్యాన్లు తిప్పి పంపింది. మూడు పెట్టెలు విప్పనే లేదు. నాలుగోదానిలో ఒక రెక్క వంగిపోయి ఉంది.

ఇన్వాయిస్‌కు రెండు పద్దులు రాసినట్టే, వాపసుకూ రెండు రాయాలి. మొదటిది క్రెడిట్ నోటు ప్రకారం, అమ్మకం ధరకు.

- అమ్మకాల వాపసుల ఖాతా డెబిట్ 8,000
- అవుట్‌పుట్ సీజీఎస్టీ ఖాతా డెబిట్ 720
- అవుట్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా డెబిట్ 720
- తెనాలి దుకాణం ఖాతా క్రెడిట్ 9,440

పన్ను తగ్గాలంటే క్రెడిట్ నోటును జీఎస్టీ రిటర్నులోనూ చూపాలి. దీనికి గడువుంది. అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా ఆ ఏడాది వార్షిక రిటర్ను దాఖలు చేసిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అది.

రెండోది ఖరీదుకు. ఈ నాలుగు ఫ్యాన్లు ఏ ధరకు బయటికి వెళ్లాయో ఆ ధరకే వెనక్కి రావాలి, 2,000కు కాదు. ఫైఫో ప్రకారం ఈ ఇన్వాయిస్‌లో చివరగా లెక్కకు వచ్చినవి 1,600 ఖరీదువి. వాపసును చివరి ధర నుంచి వెనక్కి లెక్కించడం మన దుకాణం పెట్టుకున్న నియమం. నాలుగింటికి 6,400. వీటిలో రెక్క వంగిన ఫ్యాను ఇక కొత్తదానిలా అమ్ముడవదు, 900 వస్తుందని అంచనా. ఖరీదు కన్నా వచ్చే ధర తక్కువైనప్పుడు నిల్వను ఆ తక్కువ ధరకే చూపాలి. కాబట్టి 700 నష్టాన్ని ఈ రోజే రాసేయాలి.

- సరుకు నిల్వ ఖాతా డెబిట్ 5,700
- పాడైన సరుకు నష్టం ఖాతా డెబిట్ 700
- అమ్మిన సరుకు వ్యయం ఖాతా క్రెడిట్ 6,400

నష్టాన్ని వేరే ఖాతాలో చూపమని నేను పట్టుబట్టేది ఎందుకంటే, అది అమ్మిన సరుకు వ్యయంలో కలిసిపోతే మిగతా 36 ఫ్యాన్ల మీద లాభం తక్కువైనట్టు కనబడుతుంది. వేరుగా ఉంటే 72,000 నికర అమ్మకం, 54,600 వ్యయం, 17,400 స్థూల లాభం అని స్పష్టంగా తేలుతుంది. వ్యయాన్ని చేత్తో సరిచూడండి. ముప్పై ఫ్యాన్లు 1,500 చొప్పున, ఆరు 1,600 చొప్పున, మొత్తం 54,600.

తెనాలి దుకాణం ఇప్పుడు బాకీ ఉన్నది 84,960. జూలైలో ఆ సొమ్ము బ్యాంకులో పడినప్పుడు బ్యాంకు ఖాతాకు డెబిట్, తెనాలి దుకాణం ఖాతాకు క్రెడిట్. ఆ పద్దులో అమ్మకాలు, పన్ను, సరుకు ఏవీ రావు. వాటి పని జూన్‌లోనే అయిపోయింది.

నెలాఖరు లెక్క

జూన్ 30 సాయంత్రం. సరుకు నిల్వ ఖాతాలో 16,000కు 5,700 కలిపి 21,700 ఉంది. రిజిస్టరులో 14 ఫ్యాన్లు. మంచివి 13, ఒక్కోటి 1,600 చొప్పున 20,800. రెక్క వంగినది 900. లెక్క పైసతో సహా కలిసింది.

ఇక గోదాముకు వెళ్లి పెట్టెలు లెక్కపెట్టారు. మంచివి 12 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టినా పన్నెండే.

ఖరీదు పద్దు ఇన్ని రోజులు ఎందుకు రాశామో ఇక్కడ తెలుస్తుంది. పాత పద్ధతిలో అయితే మిగిలిన సరుకును 20,100గా రాసుకునేవారు. పోయిన ఫ్యాను ఖరీదు 1,600 చప్పుడు లేకుండా అమ్మిన సరుకు వ్యయంలో కలిసిపోయేది. ఎవరూ కొనని ఫ్యాను అమ్ముడైనట్టు లెక్కలో చేరేది, లాభం ఎందుకు తగ్గిందో యజమానికి తెలిసేది కాదు. నిరంతర పద్ధతిలో పుస్తకం 13 అంటుంది, గోదాము 12 అంటుంది, తేడా కళ్లెదుట నిలబడుతుంది.

పద్దు రాసే ముందు వెతకండి. జూన్ నెల డెలివరీ చలానాలన్నీ తీసి, ప్రతి చలానాకూ ఇన్వాయిస్ ఉందో లేదో చూడండి. నమూనా చూపిస్తామని తీసుకెళ్లిన ఫ్యాను తిరిగి వచ్చిందా? తెనాలి నుంచి నిజంగా నాలుగు వచ్చాయా, మూడే వచ్చాయా? సంతకం పెట్టిన చలానా మీద ఎంత రాసి ఉంది? ఇవన్నీ చూశాక కూడా దొరకకపోతేనే నష్టం రాయాలి.

- సరుకు లోటు నష్టం ఖాతా డెబిట్ 1,600
- సరుకు నిల్వ ఖాతా క్రెడిట్ 1,600

ఇంతటితో ఆపేసేవారు చాలామంది. కానీ ఆ ఫ్యాను కొన్నప్పుడు 288 రూపాయల ఇన్‌పుట్ పన్ను తీసుకున్నాం. పోయిన, దొంగిలించిన, నాశనమైన సరుకు మీద ఇన్‌పుట్ పన్ను తీసుకోవడానికి జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ఒప్పుకోదు. దాన్ని వెనక్కి ఇచ్చేయాలి, ఆ మొత్తం కూడా నష్టంలోకే చేరుతుంది.

- సరుకు లోటు నష్టం ఖాతా డెబిట్ 288
- ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా క్రెడిట్ 144
- ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా క్రెడిట్ 144

రెక్క వంగిన ఫ్యానుకు ఈ పద్దు అవసరం లేదు. దాని విలువ తగ్గింది కానీ అది గోదాములోనే ఉంది, రేపు పన్నుతోనే అమ్ముతాం.

కనబడని ఒక ఫ్యాను అసలు ఖరీదు 1,888 అయింది. జూలై 1న సరుకు నిల్వ ఖాతా 20,100తో మొదలవుతుంది, గోదాములో ఉన్న 13 పెట్టెల విలువా అంతే.